బరువు మోసే చోటు

మోకాలి కింద కాలు తీసేశాక మిగిలిన భాగాన్ని మొండి అంటారు. కృత్రిమ కాలులో ఆ మొండి దిగే గిన్నె సాకెట్. పాదం ఎంత మేలైనదైనా, ఒంటి బరువు సాకెట్‌లో ఏ చోట ఆనుతుందన్న దాని మీదే నడక ఆధారపడుతుంది. మొండి కొసకు ఆ బరువు మోసే శక్తి లేదు. కోసిన ఎముక అంచుకీ సాకెట్‌కీ మధ్య అక్కడ ఉండేది కొద్దిపాటి కండ, చర్మమే.

అందుకే సాకెట్ కథ ఆపరేషన్ బల్ల మీదే మొదలవుతుంది. గాయం మానేంత రక్తప్రసారం ఉన్న చోట కోయాలి, వీలైతే మోకాలిని కాపాడాలి. మోకాలు పోతే అదే దూరం నడవడానికి ఒంటికి చాలా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఎముక ఎంత ఉంచాలన్నదానికి పాత లెక్క ఒకటుంది: మనిషి ఎత్తులో ప్రతి 30 సెంటీమీటర్లకు రెండున్నర సెంటీమీటర్లు. 165 సెంటీమీటర్ల మనిషికి మోకాలి కీలు కింద దాదాపు 14 సెంటీమీటర్లు అన్నమాట. 5 సెంటీమీటర్లకు తగ్గితే కృత్రిమ కాలిని ఊపే పట్టు దొరకదు. మరీ కిందకు పోతే మెత్తగా కప్పడానికి కండ చాలదు. ఎముక ముందు అంచును ఏటవాలుగా చెక్కి, పక్కనున్న సన్నటి ఎముకను కాస్త పొట్టిగా కోసి, రక్తప్రసారం బాగున్న పిక్క కండను వెనక నుంచి ముందుకు మడిచి కుడతారు.

గాయం మానుతుండగా మొండి వాపు దిగాలి. ఎనిమిది ఆకారంలో ఎలాస్టిక్ కట్టు కొసన బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా కడతారు. పైన బిగిస్తే కొస ఇంకా వాస్తుంది. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది కానీ, కీలు వంగి బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఏ సాకెట్ కూడా సరిగా అమరదు.

ఇక సాకెట్. పాత కాలంలో కొయ్యను తొలిచి, అడుగు తెరిచి ఉంచిన గొట్టంలో మొండిని దించేవారు. అది మోయలేని బరువును తొడకు కట్టిన తోలు పట్టా, పక్కల ఇనుప కీళ్లు పంచుకునేవి. తొడ కండ క్షీణించేది. ఆధారం లేని మొండి కొస ఉబ్బి నల్లబడేది. 1950ల చివర బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రాడ్‌క్లిఫ్, జేమ్స్ ఫూర్ట్ తదితరులు ఈ చిక్కును ఒక అందమైన ఆలోచనతో విప్పారు. మోకాలి చిప్పకూ కింది ఎముకకూ మధ్య బలమైన స్నాయువు ఉంటుంది. వేలితో నొక్కినా నొప్పి పుట్టదు. సాకెట్ ముందు గోడలో సరిగ్గా అక్కడ ఒక అడ్డగట్టు లోపలికి పొడుచుకొస్తే, బరువులో పెద్ద వాటా దాని మీద నిలుస్తుంది. మొండి వెనక్కి జారిపోకుండా మోకాలి వెనక గోడ ఎదురు నొక్కుతుంది. సాకెట్‌ను సుమారు 5 డిగ్రీలు ముందుకు వంచి అమరిస్తే స్నాయువు గట్టు మీద బాగా ఆనుతుంది.

దాన్ని చేసే పద్ధతిలో అసలు నేర్పు ఉంది. మొండికి ప్లాస్టర్ కట్టు వేసి, ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి మొండి నమూనా తీస్తారు. బరువు ఆనాల్సిన చోట నమూనాను గీకి తగ్గిస్తారు. సన్నటి ఎముక తల, ముందెముక అంచు, కోసిన కొస వంటి ఓర్చుకోలేని చోట ప్లాస్టర్ పూసి పెంచుతారు. ఆ నమూనా మీద తయారైన సాకెట్ గీకిన చోట నొక్కుతుంది, పూసిన చోట వదిలేస్తుంది. అయినా కొస గాల్లో వేలాడదు. మొండి అంతటా సాకెట్ తాకే ఉంటుంది.

సరిపోయిందో లేదో చర్మమే చెబుతుంది. సాకెట్ తీశాక స్నాయువు మీది ఎరుపు పది నిమిషాల్లో తగ్గిపోతే మంచిదే. చిప్ప కింది అంచున నొప్పి, ఎముక కొసన మానని ఎరుపు కనిపిస్తే మొండి చిక్కి లోపలికి దిగిపోయిందని అర్థం. మొండికి మరో మేజోడు తొడిగితే పైకి లేస్తుంది. రోజూ రాత్రి మొండిని సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. మేజోళ్లనూ ఉతకాలి.

నడక మొదట సమాంతర కడ్డీల మధ్య. అడుగు వేయడం కంటే ముందు, కృత్రిమ కాలి మీదికి బరువు మళ్లించి నిలబడటం నేర్పుతారు. తర్వాత చేతికర్ర, అదీ బాగున్న కాలి వైపు చేతిలో. నడకలో వంకర కనిపిస్తే మనిషినే తప్పు పట్టకుండా కాలినీ పరీక్షించాలి. మంచి కాలి మునివేళ్ల మీద లేస్తుంటే కృత్రిమ కాలు పొడవై ఉండొచ్చు, లేదా సాకెట్ వదులై కాలు జారుతుండొచ్చు. మడమ ఆనగానే మోకాలు ఠక్కున వంగితే మడమ రబ్బరు మరీ గట్టిగా ఉందేమో చూడాలి.

పాదం కథ వేరే దారిన నడిచింది. 1960ల చివర జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ చెప్పులు లేకుండా నడవడానికీ, గొంతుకు కూర్చోవడానికీ వీలైన రబ్బరు పాదం చేశారు. సాకెట్ విషయానికొస్తే, 1980లలో ఐస్‌లాండ్‌కు చెందిన ఓసుర్ క్రిస్టిన్సన్ మొండికి వేసే సిలికాన్ తొడుగు తెచ్చాడు. దానితో ఒత్తిడి ఒకే గట్టు మీద కాక మొండి అంతటా పరుచుకుంటుంది. అయితే ఆ తొడుగు ఖరీదైనది, అరిగినప్పుడల్లా మార్చాలి. అందుకే స్నాయువు గట్టున్న సాకెట్లు ఇప్పటికీ తయారవుతున్నాయి.