పది వేలలో ఒకరి ఫిర్యాదు

2018 అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేట్ విడుదల చేసింది. దాని నంబరు 1809. సెట్టింగ్స్‌లోకి వెళ్లి తామే వెతికి తెచ్చుకున్నవాళ్లకు అది ముందుగా అందింది. వాళ్లలో కొందరు అప్‌డేట్ పూర్తయ్యాక చూసుకుంటే, ఎన్నాళ్లుగానో దాచుకున్న ఫైళ్లు మాయమయ్యాయి. వారం తిరగకముందే కంపెనీ పంపిణీని ఆపేసింది.

అప్‌డేట్‌లో తప్పు దొర్లడం కొత్తేమీ కాదు. ఈ తప్పును మాత్రం విడుదలకు ముందే కొందరు వాడుకరులు పట్టుకున్నారు. ఫైళ్లు పోయాయని కంపెనీ చెప్పిన చోటే, చెప్పిన పద్ధతిలోనే రాసి పెట్టారు కూడా. ఆ ఫిర్యాదులు చూడాల్సినవాళ్ల దృష్టికి చేరలేదు.

సాఫ్ట్‌వేర్ జనంలోకి వెళ్లే ముందు సాధారణంగా రెండు పరీక్షలు దాటుతుంది. మొదటిది ఆల్ఫా. ఇది తయారుచేసినవాళ్ల ఇంట్లోనే జరుగుతుంది. అప్పటికి కొన్ని సౌకర్యాలు సగమే ఉంటాయి, ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతుంటుంది. పరీక్షించేవాళ్లు కంపెనీ ఉద్యోగులే కాబట్టి, ఏదైనా చెడితే ఆ భాగం రాసిన ఇంజినీరును పిలిచి తెరమీదే చూపించవచ్చు. రెండోది బీటా. అప్పటికి సౌకర్యాలన్నీ దాదాపుగా అమరి ఉంటాయి. ఇక బయటివాళ్లు తమ సొంత కంప్యూటర్లలో, తమ పద్ధతిలో వాడి చూస్తారు. ఆల్ఫాలో ‘మనం అనుకున్నట్టు ఇది పనిచేస్తోందా’ అని చూస్తే, బీటాలో ‘మనం ఊహించని పరిస్థితిలో ఏం చేస్తోంది’ అని చూస్తారు.

విండోస్‌కు ఈ బయటి పరీక్ష 2014లో మొదలైన ఇన్‌సైడర్ కార్యక్రమం ద్వారా జరుగుతోంది. ఇష్టమైనవాళ్లు ఎవరైనా చేరవచ్చు. 2018 నాటికి అందులో మెట్లు ఉండేవి. ఫాస్ట్ రింగ్‌లో ఉన్నవాళ్లకు పచ్చిపచ్చిగా ఉన్న రూపం ముందే వచ్చేది. అది బయటివాళ్ల చేతికి వచ్చిన ఆల్ఫా లాంటిదే. స్లో రింగ్‌కు కాస్త కుదుటపడ్డ రూపం వచ్చేది. చివరి మెట్టు రిలీజ్ ప్రివ్యూ. అక్టోబర్ అప్‌డేట్ మామూలుగా దాటే ఈ చివరి మెట్టును దాటకుండానే నేరుగా జనంలోకి వచ్చింది.

ఇంతకీ ఫైళ్లు ఎందుకు పోయాయి? మూలం మరో ఫిర్యాదులోనే ఉంది. విండోస్‌లో డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్ల చోటు మార్చుకోవచ్చు. C డ్రైవ్ నిండిపోతే D డ్రైవ్‌కు మార్చుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. 2018 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత అలాంటివాళ్లకు పాత చోట అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ ఒకటి అదనంగా కనిపించసాగింది. ఇదేమిటని వాళ్లు కంపెనీకి చెప్పారు. కంపెనీ విని, ఆ ఖాళీ ఫోల్డర్లను తొలగించే కోడ్‌ను అక్టోబర్ అప్‌డేట్‌లో చేర్చింది. అప్‌డేట్ జరిగే క్రమంలో చేసిన మరో మార్పు దీనికి తోడైంది. దాంతో పాత ఫోల్డర్‌తో పాటు అందులో ఉన్నవన్నీ చెరిగిపోయాయి. చోటు మార్చినప్పుడు పాత ఫైళ్లను కొత్త చోటికి తరలించకుండా అక్కడే ఉంచేసినవాళ్లు నష్టపోయారు. వన్‌డ్రైవ్ వాడే కొందరికీ ఇదే జరిగింది.

ఇన్ని షరతులు కలిసొస్తే తప్ప ఈ తప్పు బయటపడదు. ఫోల్డర్ చోటు మారి ఉండాలి, పాత చోట ఫైళ్లు మిగిలి ఉండాలి. కొత్తగా విండోస్ ఎక్కించిన పరీక్షాయంత్రంలో ఈ రెండూ ఉండవు. ఏళ్ల తరబడి ఒకరు వాడుకున్న కంప్యూటర్‌లోనే ఉంటాయి. బీటా అవసరమయ్యేది ఇందుకే.

నిజంగా ఫైళ్లు పోయాయన్న ఫిర్యాదులు మొత్తం ఇన్‌స్టాలేషన్లలో ఒక శాతంలో నూరోవంతు మాత్రమేనని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అంటే 10,000 మందిలో ఒకరు. ఈ లెక్కను బీటాకు అన్వయించి చూడండి. వెయ్యి మందితో పరీక్ష పెడితే, వాళ్లలో ఒక్కరికీ ఈ తప్పు ఎదురుకాని అవకాశం దాదాపు 90 శాతం. 10,000 మందిని కూర్చినా, మూడింట ఒకటికి మించిన అవకాశంతో ఎవరికీ కనిపించదు. కనిపించినా ఒకరికో ఇద్దరికో. అరుదైన ప్రమాదకర దోషం ఎప్పుడూ ఒంటరి ఫిర్యాదుగానే వస్తుంది.

వచ్చిన ఫిర్యాదులను వాటి తీవ్రతను బట్టి విడదీయడాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లు ట్రయాజ్ అంటారు. విండోస్ వాడుకరులు ఫీడ్‌బ్యాక్ హబ్ అనే యాప్‌లో సమస్య రాస్తారు. అదే సమస్య ఉన్న మరొకరు కొత్తగా రాయనక్కర్లేదు, ఉన్నదానికే ఓటు వేయవచ్చు. ఒకే సమస్య వందసార్లు రాకుండా ఈ ఏర్పాటు బాగా పనిచేస్తుంది. కానీ ఓట్ల సంఖ్య చెప్పేది ఎంతమందికి ఇబ్బంది అని మాత్రమే, ఎంత ఇబ్బంది అని కాదు. మెనూలో రంగు నచ్చలేదన్న మాటకు వందల ఓట్లు పడవచ్చు. ఫైళ్లు పోయాయన్న మాటకు రెండు పడతాయి. ఓట్ల వరుసలో చదివే ఇంజినీరు రెండోదాన్ని చేరేసరికి విడుదల తేదీ దాటిపోతుంది.

యంత్రం తనంతట తాను పంపే సమాచారమూ ఇక్కడ పెద్దగా ఆదుకోదు. ప్రోగ్రామ్ కూలిపోతే ఆ సంగతి కంపెనీకి తెలుస్తుంది. ఇక్కడ ఏదీ కూలలేదు. ఫోల్డర్ తీసేయమని కోడ్ చెప్పింది, యంత్రం తీసేసింది. పోయినవి తనకు కావలసినవని చెప్పగలిగేది మనిషి ఒక్కడే.

అందుకే ట్రయాజ్‌లో రెండు ప్రశ్నలను విడివిడిగా అడగాలి: దెబ్బ ఎంత పెద్దది, ఎంతమందికి తగులుతుంది? మొదటి ప్రశ్నలోనే మరొకటి ఉంది: పోయింది తిరిగి వస్తుందా? రాదనుకుంటే, ఫిర్యాదు ఒక్కటే అయినా ఆ రోజే ఒకరు కూర్చుని దాన్ని తమ దగ్గర మళ్లీ జరిపించి చూడాలి.

ఈ కేసులో ఆ పని ఇలా సాగుతుంది. ఒక యంత్రంలో పాత విండోస్ ఎక్కించి, `C:\Users` కింద ఉన్న డాక్యుమెంట్స్‌లో ఒక ఫైలు పెట్టాలి. ఫోల్డర్ చోటును D డ్రైవ్‌కు మార్చి, పాత ఫైలును తరలించాలా అని అడిగినప్పుడు వద్దనాలి. రెండో యంత్రంలోనూ ఇదంతా చేసి, తరలించమనాలి. రెండింటికీ అప్‌డేట్ ఎక్కించాలి. మొదటిదాంట్లో ఫైలు పోయి, రెండోదాంట్లో ఉంటే కారణం దొరికినట్టే. ఫిర్యాదుదారు ‘నా ఫైళ్లు పోయాయి’ అని ఊరుకుంటే మాత్రం ఇంజినీరుకు దారి దొరకదు. ఏ రూపం నుంచి ఏ రూపానికి మారారు, ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉంది, వన్‌డ్రైవ్ ఉందా అన్న మూడు ముక్కలు రాస్తే, రోజుల తరబడి సాగే వెతుకులాట గంటల్లో ముగియవచ్చు.

ఆ అక్టోబర్ 9న మైక్రోసాఫ్ట్ సరిదిద్దిన రూపాన్ని మళ్లీ ఇన్‌సైడర్ల చేతికిచ్చింది. ఫీడ్‌బ్యాక్ హబ్‌లో సమస్య రాసేటప్పుడు దాని తీవ్రతను కూడా చెప్పే వీలు కల్పించింది. దీనికీ ఒక హద్దు ఉంది. ఎవరి సమస్య వాళ్లకు తీవ్రమే కాబట్టి, చిన్న చిక్కుకూ పెద్ద గుర్తు పెట్టేవాళ్లు ఉంటారు. ఆ గుర్తు ఫిర్యాదును పై వరుసలోకి తెస్తుంది కానీ, అది నిజమో కాదో యంత్రం ముందు కూర్చుని తేల్చాల్సింది ఇంజినీరే. నష్టపోయినవాళ్లకు కంపెనీ ఇచ్చిన సలహా, కంప్యూటర్ వాడకం తగ్గించి సహాయ కేంద్రాన్ని సంప్రదించమని. చెరిగిన ఫైలు ఉన్న చోట కొత్త సమాచారం పడనంతవరకూ దాన్ని వెనక్కి తెచ్చే ఆశ ఉంటుంది. అప్‌డేట్ మళ్లీ జనానికి అందింది నవంబర్ 13న, అంటే తొలి విడుదల తర్వాత ఆరు వారాలకు.