మాట మెత్తబడొచ్చు, మోతాదు మారకూడదు

మెథోట్రెక్సేట్ అనే మాత్ర కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్), సోరియాసిస్ ఉన్నవాళ్లకు రాస్తారు. ఈ జబ్బులకు దాన్ని వారంలో ఒక్కసారే వేసుకోవాలి. డాక్టరు 15 మిల్లీగ్రాములు రాశారనుకోండి. 2.5 మి.గ్రా. మాత్రలైతే ఆ ఒక్క పూటకు 6 మాత్రలు. పొరపాటున అవే 6 మాత్రలు రోజూ వేసుకుంటే వారానికి 42 మాత్రలు, అంటే 105 మి.గ్రా. ఒంట్లోకి వెళ్తాయి. ఏడు రెట్లు. కణాలు కొత్తగా పుట్టడానికి కావలసిన ఫోలేట్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. అందుకే త్వరత్వరగా పుట్టే కణాలకే మొదట దెబ్బ తగులుతుంది. నోరు పూస్తుంది, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ పడిపోతుంది, దాంతో జ్వరం, ఇన్‌ఫెక్షన్, రక్తం కారడం మొదలవుతాయి. ఈ పొరపాటుతో మనుషులు చనిపోయారు. ముందు తీసుకున్న జాగ్రత్తలు చాలక, 2019లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఈ మందు పెట్టెల మీద, కరపత్రాల్లో హెచ్చరికలను మళ్లీ గట్టి చేయించింది.

రోగికిచ్చే కరపత్రం భాష గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన మందు నాకు కనిపించలేదు. ఇందులో ఒక్క మాట జారినా ప్రాణం మీదికొస్తుంది. అలాగని చదివేవాళ్లను బెదరగొడితే, మందే మానేసి కీళ్లు పాడుచేసుకుంటారు.

మన దగ్గర కనిపించే పాత బాణీ కరపత్రం దాదాపు ఇలా ఉంటుంది. నమూనా కోసం నేనే రాశాను:

‘ఈ ఔషధమును వారమునకు ఒక పర్యాయము మాత్రమే సేవించవలెను. ప్రతిదినము సేవించిన ప్రాణాపాయము. మరచిన మోతాదుకు బదులుగా రెట్టింపు మోతాదు సేవించరాదు. జ్వరము, గొంతునొప్పి, నోటిపూత, రక్తస్రావము కలిగిన తక్షణమే వైద్యుని సంప్రదించవలెను. వైద్యుని అనుమతి లేనిదే ఇతర ఔషధములు వాడరాదు.’

చదివితే కోర్టు నోటీసులా ఉంది. కానీ విషయం గట్టిది. దీన్ని మార్చే ముందు ఒక పని చేయాలి. ఇందులో రోగి ప్రాణం ఆధారపడిన అంశాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. వారానికి ఒకసారి మాత్రమే అన్నది ఒకటి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం అన్నది రెండు. రెట్టింపు వద్దు అన్నది మూడు. గమనించాల్సిన లక్షణాలు నాలుగు కాబట్టి అక్కడికి ఏడు. వెంటనే అన్నది ఎనిమిది, డాక్టరు దగ్గరికి అన్నది తొమ్మిది, అడగకుండా వేరే మందులు వాడొద్దన్నది పది. మొత్తం 10.

ఇప్పుడు మంచి మనసుతోనే, ‘కొంచెం ఆప్యాయంగా ఉండాలి’ అనుకుని రాసిన రూపం చూడండి:

‘వారానికోసారి వేసుకునే ఈ మందును క్రమం తప్పకుండా వాడితే మీకు ఊరట దొరుకుతుంది. ఎప్పుడైనా మరిచిపోతే కంగారు పడకండి, గుర్తొచ్చాక వేసుకోవచ్చు. ఒంట్లో నలతగా అనిపిస్తే వీలు చూసుకుని డాక్టరును కలవండి. వేరే మందులు వాడేముందు ఒకసారి అడిగితే మంచిది.’

వినడానికి ఎంత బాగుంది! మళ్లీ లెక్కపెట్టండి. ‘మాత్రమే’ పోయింది. ప్రాణాపాయం మాట పోయింది. రెట్టింపు వద్దన్న మాట పోయింది. నాలుగు లక్షణాలూ కలిసి ‘నలత’ అయ్యాయి. ‘తక్షణమే’ కాస్తా ‘వీలు చూసుకుని’ అయింది. వేరే మందులు వాడొద్దన్న ఆజ్ఞ ‘అడిగితే మంచిది’ అనే సలహాగా మారింది. పదిలో చెక్కుచెదరకుండా మిగిలింది ఒక్కటే, డాక్టరు దగ్గరికి వెళ్లమన్నది. పైగా ‘క్రమం తప్పకుండా’ అనగానే మనవాళ్లకు తోచేది రోజూ వేసుకోవడమే. బీపీ మాత్ర, షుగరు మాత్ర వేసుకునే ఇంట్లో ఆ మాట అర్థం అదే.

తెలుగులో ఆజ్ఞను పలచబరిచే మాటలు కొన్నే. ‘మంచిది’, ‘వీలైతే’, ‘వీలు చూసుకుని’, ‘కాస్త’, ‘సాధ్యమైనంత వరకు’, ‘వేసుకోవచ్చు’. చేసితీరాల్సిన పని ఉన్న వాక్యంలో వీటిలో ఏది కనిపించినా కొట్టేయాలని నా ఉద్దేశం. వాటి అవసరం కూడా లేదు. ‘వేసుకోండి’, ‘వేసుకోకండి’ అన్నప్పుడు ‘-అండి’లోనే గౌరవం ఉంది. ‘సేవించరాదు’ను ‘వేసుకోకండి’గా మారిస్తే పెడసరం పోతుంది, నిషేధం అంతే బలంగా ఉంటుంది. ‘వేసుకోకపోవడం మంచిది’ అన్నామా, నిషేధమే పోతుంది.

మరి ఆప్యాయత ఎక్కడ పెట్టాలి? ఆజ్ఞకు ముందూ వెనకా. ఎందుకు చెబుతున్నామో కారణం చెప్పడంలో ఉంటుంది. చదివేవాళ్ల మనసులో ఏ కోరిక, ఏ భయం మెదులుతుందో ముందే ఊహించి దాన్ని పలకడంలో ఉంటుంది. ఈ మందు గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పట్టొచ్చు. రెండో వారానికే వేళ్ల నొప్పులతో నిద్రపట్టని మనిషి, మధ్యలో ఇంకో మాత్ర వేసుకుందామా అనుకోవడం సహజం. పొరపాటు పుట్టేది ఆ క్షణంలోనే. కరపత్రం ఆ క్షణంలో పక్కనుండాలి. అదే నమూనాను ఈసారి ఇలా రాద్దాం. 15 మి.గ్రా. మోతాదు, సోమవారం అన్నవి ఉదాహరణకు మాత్రమే. మీవి మీ డాక్టరు రాసినవే.

‘ఈ మందు సోమవారం మాత్రమే వేసుకోండి. సోమవారం వేసుకోవాల్సినవి 6 (ఆరు) మాత్రలు, ఒక్కొక్కటి 2.5 మి.గ్రా. మంగళవారం నుంచి ఆదివారం వరకు ఈ మందు వేసుకోకండి. వారంలో ఒకసారి కంటే ఎక్కువ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.

నొప్పి తగ్గడానికి 6 నుంచి 12 వారాలు పట్టొచ్చు. ఈలోగా బాధ ఎక్కువైతే ఇంకో మాత్ర వేసుకోవాలని అనిపించవచ్చు. వేసుకోకండి. మాకు ఫోన్ చేయండి, నొప్పికి వేరే దారి చూస్తాం.

సోమవారం మరిచిపోతే, మంగళవారం గానీ బుధవారం గానీ గుర్తొస్తే ఆ 6 మాత్రలు వేసుకోండి. గురువారం లేదా ఆ తర్వాత గుర్తొస్తే ఆ వారానికి వదిలేయండి. మళ్లీ సోమవారం 6 మాత్రలే వేసుకోండి, 12 వేసుకోకండి. ఒక వారం తప్పితే కంగారు పడకండి. రెండు వారాల మందు ఒకేసారి వేసుకోవడమే ప్రమాదం.

జ్వరం, గొంతునొప్పి, నోటిపూత, ఎక్కడి నుంచైనా రక్తం కారడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే, రాత్రయినా సరే, డాక్టరు దగ్గరికి వెళ్లండి. చిన్న జ్వరానికే వచ్చామేమో అని మొహమాటపడకండి. రమ్మని చెబుతున్నది మేమే.

డాక్టరును అడగకుండా వేరే మందులేవీ వాడకండి. కొన్ని మామూలు యాంటీబయాటిక్‌లు కూడా ఈ మందుతో కలిస్తే ప్రమాదం.’

పది అంశాలూ ఉన్నాయి. అదనంగా మాత్రల లెక్క, వారం పేరు, మరిచిపోతే రెండు రోజుల గడువు చేరాయి. పొడవు పెరిగింది నిజమే. ఆ పెరిగిన వాక్యాలే రోగి పక్కన కూర్చుని మాట్లాడినట్టున్న వాక్యాలు. ‘కంగారు పడకండి’ అన్న మాట పైన చెడ్డ రూపంలోనూ ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ అది సూచనను మింగేసింది. ఇక్కడ ఏది ప్రమాదం కాదో, ఏది ప్రమాదమో తేల్చి చెప్పిన చోట వచ్చింది.

ఈ రూపంలో మోతాదు చెప్పే వాక్యాల్లో ‘సోమవారం రోజు’ అని ఎక్కడా రాయలేదు, గమనించారా? ‘రోజు’కూ ‘రోజూ’కూ మధ్య తేడా ఒక్క దీర్ఘం. కళ్లద్దాలు లేకుండా, జిరాక్సు కాపీలో, ‘రోజు 6 మాత్రలు’ అని కనబడితే ఎలా చదువుకుంటారో చెప్పనక్కర్లేదు. ఈ మందు చీటీలో మోతాదు దగ్గర ఆ మాటే ఉండకూడదు. వారం పేరును ‘సో’, ‘మం’ అని కుదించకూడదు కూడా. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ 2020లో ఇదే చెప్పింది: వారం పేరు పూర్తిగా రాయాలి. ‘15.0’ అని సున్నా చేర్చకూడదు, చుక్క కనబడకపోతే అది 150 అవుతుంది. మరొక చిక్కు, ఈ మందు 10 మి.గ్రా. మాత్రల్లోనూ దొరుకుతుంది. అందుకే మాత్రల సంఖ్య పక్కనే ఒక్కో మాత్ర బలం కూడా ఉండాలి.

భయం విషయంలోనూ అంకెలే ఆదుకుంటాయి. దుష్ఫలితాలను ‘సాధారణం’, ‘అరుదు’ అని మాటల్లో చెబితే మెత్తగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లో కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్న 120 మందితో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి విరుద్ధంగా తేలింది. మలబద్ధకం ‘సాధారణం’ అని మాటల్లో చదివినవాళ్లు, తమకు అది వచ్చే అవకాశం సగటున 34 శాతం అనుకున్నారు. అంకెల్లో 2.5 శాతం అని చదివినవాళ్లు 8 శాతం అనుకున్నారు. క్లోమగ్రంథి వాపు ‘అరుదు’ అన్న మాట చదివినవాళ్లు 18 శాతం అనుకుంటే, 0.04 శాతం అన్న అంకె చదివినవాళ్లు 2 శాతం అనుకున్నారు. అంకె చూసినవాళ్ల భయమే తక్కువ, నిజానికి దగ్గర కూడా. కాబట్టి ‘10,000 మందిలో నలుగురికి’ అని చెప్పడం కటువు కాదు. అది ధైర్యం చెప్పడమే.

కరపత్రం రాసేసి బాగుందని మనమే అనుకుంటే సరిపోదు. అమెరికాలో 395 మంది రోగులతో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, చదువు తక్కువున్నవాళ్లకు ‘రోజుకు రెండుసార్లు రెండేసి మాత్రలు’ అన్న అర్థమున్న చీటీ చూపించారు. 71 శాతం మంది దాన్ని సరిగ్గా చదివి చెప్పారు. రోజు మొత్తానికి ఎన్ని మాత్రలో తీసి చూపించమంటే సరిగ్గా చూపినవాళ్లు 35 శాతమే. నాలుగు తీయాల్సినచోట సగం మందికి పైగా తడబడ్డారు. ‘అర్థమైందా?’ అని అడిగితే వచ్చే ‘ఆ’కు విలువ లేదని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

యూరప్‌లో మందుతో ఇచ్చే కరపత్రాలను అచ్చుకు ముందు మనుషుల మీద పరీక్షిస్తారు. పదేసి మంది చొప్పున రెండు విడతల్లో, మొత్తం 20 మందికి ఇస్తారు. ఒక్కో ప్రశ్నకు 20 మందిలో కనీసం 16 మంది జవాబున్నచోటు వెతికి పట్టుకుని సరిగ్గా చెప్పాలి. తెలుగు కరపత్రానికి ఇది చేయడం కష్టమేమీ కాదు. ఓపీ వరండాలో కూర్చున్నవాళ్లకు కాగితం, చక్కెర బిళ్లలు ఇచ్చి అడగండి: ‘పెద్దమ్మా, ఈ వారానికి నీ మాత్రలు తీసి చూపించు’. ‘బుధవారం ఎన్ని?’ ‘పోయిన వారం మరిచిపోయావనుకో, ఈ సోమవారం ఎన్ని?’ ఆమె 12 తీస్తే తప్పు ఆమెది కాదు, కాగితానిది. ఆ వాక్యం మార్చి, మరో పదిమందిని అడగాలి.

ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో ఈ కాగితాలు రాసేవాళ్లకు నా విన్నపం ఇదే. మెత్తబరిచే ముందు సూచనలు లెక్కపెట్టండి, మెత్తబరిచాక మళ్లీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా అచ్చుకు పంపకండి. మీ ఇంట్లో ఎవరైనా మెథోట్రెక్సేట్ వాడుతుంటే, మీ డాక్టరు చెప్పిన వారం పేరును, ఆ పూటకు వేసుకోవాల్సిన మాత్రల సంఖ్యను ఇవాళే మందు పెట్టె మీద పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాయించండి.