వీడ్కోలు వేదిక మీద ‘రైలుబడి’

పదో తరగతి పిల్లలకు తొమ్మిదో తరగతి వాళ్లు ఏర్పాటుచేసే వీడ్కోలు సభ సాధారణంగా పబ్లిక్ పరీక్షలకు కాస్త ముందు జరుగుతుంది. వేదిక మీద పెద్దల ప్రసంగాలయ్యాక, వెళ్లిపోయే పిల్లల్లో నలుగురైదుగురికి మైకు ఇస్తారు. ఆ ప్రసంగాలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు, స్నేహితుల జ్ఞాపకాలు, చివర్లో గొంతు జీరబోవడం. వాటి మధ్య ఎవరైనా ఒక అమ్మాయి లేచి, బడి రోజుల్లో తనను తీర్చిదిద్దిన ఒక్క పుస్తకం గురించి చెప్పి, దాన్ని చదవమని కింది తరగతుల వాళ్లను అడిగితే, అది వేరే రకం ప్రసంగం అవుతుంది. మిగతావన్నీ గడిచినదాని గురించి మాట్లాడతాయి. ఇది మాత్రం ఇంకా బడిలోనే ఉండబోయే పిల్లలతో మాట్లాడుతుంది.

ఇలాంటి ప్రసంగంలో సగం పని పుస్తకం ఎంపికలోనే ఉంది. వేదిక అనగానే పిల్లలకు పెద్ద పేర్లు గుర్తొస్తాయి. మహాత్ముల ఆత్మకథలు, ఎవరూ కాదనలేని గొప్ప గ్రంథాలు. అవి చదవదగినవే. అయితే మాట్లాడే అమ్మాయి ఆ పుస్తకంతో నిజంగా గడిపిందా లేదా అన్నది వినేవాళ్లకు ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. గడపని వాళ్ల మాటల్లో స్ఫూర్తి, విలువలు, మార్గదర్శకం వంటి పదాలు ఎక్కువగానూ, మనుషులూ సంఘటనలూ తక్కువగానూ ఉంటాయి. తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. పుస్తకం తెరవకుండా అందులోని ఒక సంఘటనను, ఎవరు ఎక్కడ నిలబడి ఏం చేశారో సహా చెప్పగలిగితే, ఆ పుస్తకం తనదే. చెప్పలేకపోతే ఇంకో పుస్తకం వెతుక్కోవాలి.

‘రైలుబడి’ని ఎంచుకున్న అమ్మాయి ప్రసంగం ఎలా తయారవుతుందో ఒకసారి చూద్దాం. తెలుగులో ఈ పేరుతో వచ్చిన పుస్తకానికి జపనీస్ మూలం ‘తొత్తోచాన్’. రచయిత్రి తెత్సుకో కురొయానగి 1933లో పుట్టారు. జపాన్‌లో టెలివిజన్ వ్యాఖ్యాతగా ఇంటింటికీ తెలిసిన మనిషి. తను చదువుకున్న బడి గురించి రాసిన ఈ పుస్తకం 1981లో వెలువడింది. ఇందులో ఉన్నది కల్పన కాదు. తొత్తోచాన్ ఆమె చిన్నప్పటి ముద్దుపేరు. మొదట చేరిన బడిలో ఆ పిల్ల బల్ల మూతను పదేపదే తెరిచి మూసేది, కిటికీ దగ్గర నిలబడి వీధిలో వెళ్లే వాద్యగాళ్లను పిలిచేది. టీచరు భరించలేక ఆమెను బడి నుంచి పంపించేశారు. అమ్మ ఆ సంగతి కూతురికి చెప్పలేదు. ఇరవయ్యేళ్లు వచ్చాకే చెప్పింది. అప్పుడు చేర్చిన కొత్త బడే టోక్యోలోని తొమోయే. దాన్ని నడిపినవారు సోసాకు కొబయాషి. అక్కడ తరగతి గదులు పాత రైలుపెట్టెలు. పొద్దున్నే ఆ రోజు పాఠాలన్నీ బోర్డు మీద రాసి ఉండేవి. ఎవరికి ఇష్టమైన దానితో వాళ్లు మొదలుపెట్టుకోవచ్చు.

సభలో పుస్తకం గురించి చెప్పాల్సిన సమాచారం ఇంతకు మించి అక్కర్లేదు. ఇది కూడా ఇంకా కుదించి చెప్పాలి. సాధారణంగా ఇచ్చేది నాలుగైదు నిమిషాలే. తీరిగ్గా మాట్లాడితే ఆ సమయానికి చేతిరాతలో రెండు పేజీలు సరిపోతాయి. అందులో ఒక పేజీ రచయిత్రి జీవితానికి పోతే అసలు మాటకు చోటు మిగలదు.

ఇక్కడే చాలా ప్రసంగాలు దెబ్బతింటాయి. పుస్తకం మీద ప్రేమ కొద్దీ కథంతా చెప్పాలనిపిస్తుంది. ‘రైలుబడి’లో చెప్పాలనిపించేవి ఎన్నో ఉన్నాయి. చేరిన రోజున హెడ్మాస్టరు ఆ చిన్నపిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె మాటలన్నీ దాదాపు నాలుగు గంటలు విన్నారు. మధ్యాహ్న భోజనంలో సముద్రం నుంచి వచ్చినదొకటి, కొండల నుంచి వచ్చినదొకటి ఉండాలన్నది అక్కడి నియమం. ఏది లేకపోయినా హెడ్మాస్టరు భార్య గిన్నెలు పట్టుకుని తిరుగుతూ ఆ పిల్లల డబ్బాల్లో వడ్డించేవారు. పోలియో వచ్చిన స్నేహితుడు యసువాకిని తొత్తోచాన్ నిచ్చెన తెచ్చి, లాగి, తోసి, చెట్టెక్కించింది. ఇవన్నీ వరసగా చెప్పుకుంటూ పోతే ఒక్కటీ వినేవాళ్లలో నిలవదు. చదవాల్సిన అవసరం కూడా తీరిపోయినట్టవుతుంది. ఒక్క సంఘటన తీసుకుని, దాన్ని పూర్తిగా చెప్పి, మిగతావి పుస్తకానికి వదిలెయ్యడమే మేలు.

ఏ సంఘటన తీసుకోవాలన్నది ఎదుట కూర్చున్నవాళ్లను బట్టి ఉంటుంది. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా పిల్లలు ఎండలో, షామియానా కింద కూర్చుని ఉంటారు. అప్పటికి గంటన్నర గడిచిపోతుంది. వాళ్ల కోసమైతే పర్సు కథను మించినది లేదు. తొత్తోచాన్‌కు ఎంతో ఇష్టమైన పర్సు బడి మరుగుదొడ్డిలో పడిపోయింది. ఆమె ఏడవలేదు. పనిముట్ల గది నుంచి పొడవాటి కర్ర గరిటె తెచ్చి, బడి వెనక ఉన్న గుంత మూత తీసి, అందులోదంతా తోడి బయట పోయడం మొదలుపెట్టింది. కుప్ప పెరుగుతోంది. అటుగా వచ్చిన హెడ్మాస్టరు ఏం చేస్తున్నావని అడిగారు. పర్సు పోయిందని చెప్పింది. ఆయన ఆగలేదు, చేతులు వెనక్కు కట్టుకుని వెళ్లిపోయారు. కాసేపటికి మళ్లీ వచ్చి, దొరికిందా అని అడిగారు. లేదంది. పని అయ్యాక అదంతా తిరిగి లోపల వేస్తావు కదా అని మాత్రం అడిగి వెళ్లారు. పర్సు దొరకలేదు. ఆ పిల్ల తోడినదంతా మళ్లీ గుంతలో వేసి, మూత పెట్టింది.

వేదిక మీద ఈ కథను నవ్వించడం కోసమే చెబితే ప్రసంగం అక్కడే ఆగిపోతుంది. పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుతారు, నవ్వనివ్వాలి. ఆ నవ్వు తగ్గాక, హెడ్మాస్టరు చెయ్యని పనులు రెండింటిని నిదానంగా చెప్పాలి. ఆయన తిట్టలేదు. సాయమూ చెయ్యలేదు. పెద్దవాళ్లు మామూలుగా ఈ రెంటిలో ఏదో ఒకటి చేస్తారు కాబట్టి ఈ మాట పిల్లలకు వెంటనే అందుతుంది. ఆ పని తనదని, దాన్ని ముగించే బాధ్యత కూడా తనదేనని ఆ చిన్నపిల్లను నమ్మిన మనిషిని వాళ్లు చూడగలుగుతారు. పుస్తకం మొత్తంలోని గుణం ఈ ఒక్క ఘట్టంలో ఉంది.

ఇక మిగిలింది ఆ పుస్తకం తనను ఎలా మార్చిందో చెప్పడం. ‘ఈ పుస్తకం నా జీవితాన్నే మార్చేసింది’ అన్న వాక్యం ఏ పుస్తకానికైనా సరిపోతుంది కనుక దేన్నీ చెప్పదు. దాని బదులు తన సొంత పని ఒకటి కావాలి, చిన్నదైనా సరే. ఉదాహరణకు ఆ అమ్మాయి ఇలా చెప్పవచ్చు: ‘ఏడో తరగతి సెలవుల్లో మా ఇంట్లో పాత రేడియో విప్పేశాను. మరలన్నీ చాప మీద పరిచాక ఏది ఎక్కడిదో తెలియలేదు. అంతకుముందైతే దాన్ని మంచం కిందికి తోసేసేదాన్ని. అప్పటికే పర్సు కథ చదివాను కాబట్టి, సాయంత్రం దాకా కూర్చుని అన్నీ బిగించాను. రేడియో మోగలేదు. కానీ చాప మీద ఒక్క మర కూడా మిగల్లేదు.’ రేడియో మోగిందని మార్చి చెబితే ఈ మాటల బలం పోతుంది. పర్సు దొరకనట్టే రేడియో కూడా మోగకపోవడం వల్లనే రెండు కథలూ ఒకదానికొకటి అతుకుతాయి. పుస్తకం మేలు చేసిందని నిరూపించడానికి ఫలితాన్ని పెంచి చెప్పడం ఇలాంటి ప్రసంగాల్లో తరచూ కనిపించే తప్పు. పరీక్షలో మొదటి ర్యాంకు, పోటీలో బహుమతి అంటూ కథ ముగిస్తే, వినేవాళ్ల దృష్టి పుస్తకం మీద నుంచి బహుమతి మీదికి పోతుంది.

‘రైలుబడి’ విషయంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. అది స్వేచ్ఛగా నడిచిన బడి కథ. దాన్ని పొగుడుతుంటే, తన బడిని తక్కువ చేస్తున్నట్టు వేదిక మీద కూర్చున్న ఉపాధ్యాయులకు అనిపించే అవకాశం ఉంది. ‘మన బళ్లు కూడా ఇలా ఉంటే ఎంత బాగుండేది’ అన్న ఒక్క వాక్యం సభను ఫిర్యాదుగా మార్చేస్తుంది. తొమోయే చిన్న బడి. పిల్లలంతా కలిపి యాభై మంది దాకా మాత్రమే. ఒక్కో తరగతికి అంతమంది ఉండే బడిలో ఆ పద్ధతులన్నీ కుదరవని పిల్లలకూ తెలుసు. అందువల్ల బడులను పోల్చకుండా, తన బడిలో నిజంగా జరిగిన, ఆ హెడ్మాస్టరును తలపించే సంగతి ఏదైనా ఉంటే దాన్ని చెప్పడం న్యాయం. లెక్క తప్పు చేసినప్పుడు చాక్‌పీసు చేతికిచ్చి, మళ్లీ చెయ్యమని పక్కన నిలబడిన సారు ఉండి ఉంటే, ఆయనకు అంతకంటే మంచి కృతజ్ఞత ఉండదు. అలాంటిది ఏదీ లేకపోతే లేనిదాన్ని కల్పించకుండా ఆ భాగం వదిలెయ్యాలి.

తొమోయే 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. పెద్దయ్యాక ఇదే బడిలో టీచరునవుతానని తొత్తోచాన్ హెడ్మాస్టరుకు మాట ఇచ్చింది. ఆ మాట తీర్చడానికి బడే మిగల్లేదు. బడి వదిలి వెళ్తున్న సభలో ఈ సంగతి చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. చెబితే సభ కంటతడి పెడుతుంది కూడా. అయితే అది పుస్తకం చివరి పేజీల్లో చదవాల్సింది. ముందే చెప్పేస్తే చదివే పిల్లల నుంచి దాన్ని లాక్కున్నట్టే. పుస్తకాన్ని సిఫారసు చేసేవాళ్లు ముగింపును దాచి ఉంచడం ఎప్పుడైనా మంచిదే. ఈ పుస్తకానికి మరీ అవసరం.

మాట్లాడేటప్పుడు చేతిలో రెండు పేజీల కాగితం కన్నా చిన్న చీటీ మేలు. బట్టీ పట్టిన ప్రసంగంలో ఒక వాక్యం మరిచిపోతే తరవాతిది రాదు, అమ్మాయి మైకు ముందు నిలిచిపోతుంది. చీటీలో పర్సు, హెడ్మాస్టరు చెయ్యని రెండు పనులు, రేడియో, పుస్తకం దొరికే చోటు అని నాలుగు మాటలు రాసుకుంటే చాలు. దారి తప్పినా మళ్లీ అందుకోవచ్చు. ఇంట్లో గడియారం పెట్టుకుని ఒకటి రెండుసార్లు పైకి చెప్పి చూసుకుంటే నిడివి తేలుతుంది.

ఆఖరి మాటను చాలామంది మరిచిపోతారు. పుస్తకం పేరు రెండుసార్లు, స్పష్టంగా చెప్పాలి. మైకులో మొదటిసారి అది సగం మందికి వినపడదు. బడి గ్రంథాలయంలో ప్రతి ఉంటే ఏ బీరువాలో ఉందో, తాళం ఏ టీచరు దగ్గర ఉంటుందో చెప్పాలి. లేకపోతే తన ప్రతిని సభలోనే ఒక చెల్లెలి చేతిలో పెట్టడం చూడటానికి బాగుంటుంది గాని, అది ఆ ఒక్క ఇంటికే చేరుతుంది. గ్రంథాలయానికి ఇచ్చి, రిజిస్టరులో ఎక్కించి, ఆ వరస సంఖ్యను సభలో చదివితే, మర్నాడు ఆరో తరగతి పిల్లాడైనా నేరుగా వెళ్లి అడగగలుగుతాడు.