జతలా, వేరువేరు గుంపులా? టి-టెస్టు ఎంచుకునే ముందు చూడవలసినది



నేను బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. బి.కాం.లో చదువుకున్న స్టాటిస్టిక్స్ మరచిపోకుండా ఉండటానికి, చుట్టుపక్కల పిల్లలు తెచ్చే లెక్కలు చూస్తూ ఉంటాను. అలా చూసిన ఒక లెక్కలో నేను తొందరపడి చెప్పిన మాట వల్ల, మన స్కాలర్‌షిప్ తీసుకుంటున్న ఒక అమ్మాయికి మార్కులు పోయాయి. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెబితే మిగతా పిల్లలకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ అమ్మాయిది బరంపురంలో మా వీధే. బి.ఫార్మసీ నాలుగో సంవత్సరం. ఒకరోజు రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. “తాతగారూ, పొద్దున్నే అసైన్‌మెంటు ఇవ్వాలి. ఇది పెయిర్డ్ టి-టెస్టా, టూ-శాంపుల్ టి-టెస్టా? ఒక్క మాట చెప్పండి చాలు” అని రాసింది.

ఫొటోలో రెండు నిలువు వరుసల అంకెలు ఉన్నాయి. ఒకదాని పైన మందు-1, రెండోదాని పైన మందు-2 అని ఉంది. ఒక్కొక్క వరుసలో పది అంకెలు. కింద ప్రశ్న: రెండు మందుల ప్రభావంలో తేడా ఉన్నదా, 5 శాతం స్థాయిలో పరీక్షించండి. కాగితం పైభాగం ఫొటోలో పడలేదు. ఎడమ అంచు కూడా తెగిపోయింది. నేను ఆ సంగతి పట్టించుకోలేదు. రెండు మందులు, రెండు వరుసలు కనబడ్డాయి కాబట్టి “టూ-శాంపుల్ అమ్మా” అని జవాబిచ్చి పడుకున్నాను.

వారం తరువాత దిద్దిన కాగితం పట్టుకొని వచ్చింది. అప్పుడు చూశాను పూర్తి ప్రశ్న. పైన రెండు వాక్యాలు ఉన్నాయి. పదిమంది రోగులకు, ఒక్కొక్కరికీ రెండు మందులూ వేరువేరు సమయాల్లో ఇచ్చి, మామూలుగా నిద్రపోయే దానికన్నా ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో లెక్కించారని వాటి సారాంశం. ఎడమ పక్కన తెగిపోయిన నిలువు వరుస పేరు “రోగి సంఖ్య”. జవాబంతా ఆ వరుసలోనే ఉంది.

ఆ అంకెలు ఎవరో సరదాకు కల్పించినవి కావు. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో “స్టూడెంట్” అనే మారుపేరుతో ప్రచురించిన వ్యాసంలో ఉదాహరణగా వాడుకున్నవి. మనం ఈనాడు టి-టెస్టు అంటున్నది ఆ వ్యాసం నుంచి పెరిగినదే. అందుకే ఈ అంకెలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనబడతాయి. ఇవిగో, నిద్ర పెరిగిన గంటలు (మైనస్ గుర్తు ఉంటే తగ్గినట్లు):

| రోగి | మందు-1 | మందు-2 | వ్యత్యాసం |
|---|---|---|---|
| 1 | 0.7 | 1.9 | 1.2 |
| 2 | −1.6 | 0.8 | 2.4 |
| 3 | −0.2 | 1.1 | 1.3 |
| 4 | −1.2 | 0.1 | 1.3 |
| 5 | −0.1 | −0.1 | 0.0 |
| 6 | 3.4 | 4.4 | 1.0 |
| 7 | 3.7 | 5.5 | 1.8 |
| 8 | 0.8 | 1.6 | 0.8 |
| 9 | 0.0 | 4.6 | 4.6 |
| 10 | 2.0 | 3.4 | 1.4 |

మొదటి మందు సగటు 0.75 గంటలు, రెండోదాని సగటు 2.33 గంటలు. తేడా 1.58 గంటలు. ఏ టెస్టు చేసినా పైన ఉండే అంకె ఈ 1.58. మారేది కింద పెట్టి భాగించే అంకె, అంటే స్టాండర్డ్ ఎర్రర్.

నేను చెప్పినట్లు టూ-శాంపుల్ పద్ధతిలో చేస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.849 వస్తుంది.

t = 1.58 / 0.849 = 1.86

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18. పట్టికలో 5 శాతానికి ఉన్న విలువ 2.101. మనకు వచ్చినది దానికన్నా తక్కువ. కాబట్టి తేడా ఉన్నట్లు రుజువు కాలేదని అమ్మాయి రాసింది.

పెయిర్డ్ పద్ధతిలో చివరి నిలువు వరుస ఒక్కటే పనికి వస్తుంది. ఆ పది వ్యత్యాసాల సగటు 1.58, క్రమ విచలనం 1.23. దానిని 10 వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.389.

t = 1.58 / 0.389 = 4.06

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, పట్టిక విలువ 2.262. మన అంకె దానిని బాగా దాటింది. తేడా ఉన్నదని చెప్పవచ్చు. అవే ఇరవై అంకెలు, కానీ రెండు టెస్టులకు రెండు వ్యతిరేకమైన జవాబులు వచ్చాయి.

ఇలా ఎందుకు జరిగిందో పట్టికలోనే కనబడుతుంది. ఆరు, ఏడు సంఖ్యల రోగులకు ఏ మందు ఇచ్చినా నిద్ర బాగా పెరిగింది. రెండు, నాలుగు సంఖ్యల వారికి మొదటి మందుతో నిద్ర తగ్గిపోయింది, రెండో మందుతో కూడా కొద్దిగానే పెరిగింది. అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడా, మందుకూ మందుకూ ఉన్న తేడా కన్నా పెద్దది. టూ-శాంపుల్ టెస్టు ఈ మనుషుల తేడానంతా తెచ్చి కింది అంకెలో కలిపేస్తుంది. పెయిర్డ్ టెస్టులో ఏ రోగి అంకెను ఆ రోగి అంకెలోంచే తీసివేస్తాము కాబట్టి ఆ మనిషి స్వభావం రెండు వైపులా కొట్టుకుపోయి, మందుల తేడా మాత్రం మిగులుతుంది.

మా బ్యాంకు భాషలో చెబుతాను. సాయంత్రం క్యాష్ తేడా వస్తే మొత్తాలను పక్కపక్కన పెట్టుకొని చూసినంత మాత్రాన ఏమీ తేలదు. ఏ వోచరుకు ఏ ఎంట్రీయో జతచేసి టిక్కు పెడుతూ పోతే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. కానీ వోచరు మీద నంబరు ఉంటేనే అలా జత చేయగలం. పెయిర్డ్ టెస్టుకు ఆ నంబరే “రోగి సంఖ్య”.

మరి ఫొటో చూసి జత ఉన్నదో లేదో ఎలా తేల్చుకోవాలి? నేను ఇప్పుడు ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను. రెండో నిలువు వరుసలోని అంకెలను పేకముక్కల్లా కలిపి వేరే క్రమంలో రాస్తే, ప్రయోగం గురించి తెలిసిన సంగతి ఏదైనా పోతుందా? ఈ లెక్కలో పోతుంది. ఏడో రోగి 5.5 తీసుకెళ్ళి రెండో రోగి పక్కన పెడితే అది అబద్ధం అవుతుంది. కాబట్టి ఇది పెయిర్డ్. అలా కాకుండా ఇరవై మంది రోగులను చీటీలు వేసి పదేసి మందిగా విడదీసి, ఒక గుంపుకు ఒక మందు, రెండో గుంపుకు రెండో మందు ఇచ్చి ఉంటే, ఏ క్రమంలో రాసినా నష్టం లేదు. అది టూ-శాంపుల్.

ఈ ప్రశ్నకు జవాబు అంకెల్లో ఉండదు, ప్రయోగం ఎలా చేశారో చెప్పే వాక్యాల్లో ఉంటుంది. ఇంగ్లీషు ప్రశ్నల్లో సేమ్, ఈచ్, బిఫోర్, ఆఫ్టర్, ట్విన్స్ వంటి మాటలు కనబడితే జత ఉన్నదేమో చూడండి. రాండమ్‌లీ డివైడెడ్, టూ గ్రూప్స్, ఇండిపెండెంట్ వంటి మాటలుంటే వేరువేరు గుంపులు కావచ్చు. అయితే మాట ఒక్కటే చూసి నిర్ణయించకండి. “చికిత్సకు ముందు ఒక గ్రామంలో పదిమందిని, చికిత్స తరువాత మరో పదిమందిని చూశారు” అన్నచోట ముందు, తరువాత అనే మాటలున్నా మనుషులు వేరు కాబట్టి జత లేదు. దీనికి ఎదురుగా, ఒకే మనిషి కానక్కరలేకుండానే జత ఉండవచ్చు. పొలంలో పక్కపక్కన ఉన్న రెండు మడులను ఒక జతగా ముందే నిర్ణయించుకొని, ఒకదానికి ఒక ఎరువు, రెండోదానికి ఇంకొక ఎరువు వేస్తే అది పెయిర్డే.

రెండు వరుసల్లో అంకెల సంఖ్య సమానంగా ఉన్నంత మాత్రాన జత అనుకోవడం కూడా తప్పే. గుంపులు సమానంగా ఉండాలని ప్రయోగం చేసేవారు ఎలాగూ చూసుకుంటారు. ఎడమ పక్కన 1 నుంచి 10 వరకు అంకెలున్నా, అవి ఉత్త క్రమసంఖ్యలో, మనుషుల సంఖ్యలో కనుక్కోవాలి. సంబంధం లేని అంకెలను జత చేస్తే వచ్చే వ్యత్యాసాలకు అర్థమే ఉండదు. పైగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18 నుంచి 9కి పడిపోతాయి.

“రెండూ చేసి చూసి, తేడా వచ్చిందే రాస్తే పోలేదా?” అని అమ్మాయి తండ్రి అడిగారు. అది కుదరదండీ. జవాబు చూసి టెస్టును ఎంచుకుంటే 5 శాతం అన్న మాటకు విలువ ఉండదు. ప్రయోగం ఎలా జరిగిందో చూసి, లెక్క మొదలుపెట్టక ముందే ఎంచుకోవాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అంకెలు తక్కువగా ఉన్నప్పుడు పెయిర్డ్ టెస్టు నమ్మదగినది కావాలంటే వ్యత్యాసాలు గంట ఆకారానికి దరిదాపుల్లో ఉండాలి. చూడవలసినది వ్యత్యాసాల వరుసనే, అసలు రెండు వరుసలను కాదు. మన పట్టికలో తొమ్మిదో రోగి 4.6 ఒక్కటే విడిగా నిలబడి ఉంది. ఫలితమంతా ఆ ఒక్క అంకె వల్ల వచ్చిందేమోనని అనుమానం వస్తుంది. దానిని పక్కన పెట్టి లెక్కించి చూశాను. సగటు 1.24కు తగ్గింది, కానీ చెదురు కూడా బాగా తగ్గి t విలువ 5.66 అయింది. అంటే ఫలితం ఆ ఒక్కరి మీద ఆధారపడి లేదు. ఇది పరిశీలన కోసమే. జవాబులో మాత్రం పదిమందినీ ఉంచాలి.

అమ్మాయికి ఇరవైకి ఆరు వచ్చాయి. స్కాలర్‌షిప్ కొనసాగడానికి కావలసిన శాతం మిగతా పేపర్లతో నిలబడింది గాని, తప్పు నాదని వాళ్ళింటికి వెళ్ళి చెప్పి వచ్చాను. ఆ అమ్మాయి, “ఫొటో సరిగా తీయనిది నేనే కదా తాతగారూ” అంది. ఇద్దరం కలిసి ఒక నియమం పెట్టుకున్నాము. ఫొటో తీస్తే కాగితం నాలుగు మూలలూ కనబడాలి. మూల తెగితే, జవాబు చెప్పే ముందు నేను ఇంకో ఫొటో అడగాలి. పోయిన నెల ఎలుకల బరువుల లెక్క పంపింది, అందులోనూ ఎడమ అంచు లేదు. “అవే ఎలుకలా, వేరే ఎలుకలా?” అని అడిగాను. రెండో ఫొటో వచ్చాక చూస్తే వేరే ఎలుకలే. టూ-శాంపుల్ అని చెప్పాను.