లింకు డాక్యుమెంటు చూడకుండా సరిపోల్చలేం

స్థలం కొనబోయేవారికి అమ్మేవారు మొదట ఇచ్చేది తమ పేరున ఉన్న విక్రయ దస్తావేజు జిరాక్సు. దాన్ని లాయరు దగ్గరికి తీసుకెళ్లి "పాత దస్తావేజుతో సరిపోయిందా?" అని అడుగుతారు. పాతది, అంటే మనవాళ్లు లింకు డాక్యుమెంటు అనేది, చేతిలో ఉండదు. అయినా చాలామందికి జవాబు దొరికేస్తుంది. ఎందుకంటే కొత్త దస్తావేజు మొదటి పేజీల్లోనే పాతదాని కథ ఉంటుంది: ఫలానావారి నుంచి, ఫలానా నంబరు దస్తావేజు ద్వారా ఈ ఆస్తి సంక్రమించిందని. పొరపాటు జరిగేది ఇక్కడే. ఆ కథ రాసింది కొత్త దస్తావేజు రాసినవారే. దాన్ని నమ్మి సరిచూడడమంటే ఒకే కాగితాన్ని దానితోనే పోల్చుకోవడం.

ఒక ఉదాహరణ అనుకుందాం. 2012 నాటి దస్తావేజు మన చేతికొచ్చింది. షెడ్యూలులో విస్తీర్ణం 200 చదరపు గజాలు. కొలతలు తూర్పు పడమరలు 40 అడుగులు, ఉత్తర దక్షిణాలు 50 అడుగులు. పడమర హద్దు 20 అడుగుల రోడ్డు. నలభైని యాభైతో గుణిస్తే 2,000 చదరపు అడుగులు. గజానికి తొమ్మిది చదరపు అడుగుల చొప్పున భాగిస్తే 222 గజాలు దాటుతుంది. రాసింది మాత్రం 200. ఈ ఒక్క కాగితంతో మనం చెప్పగలిగింది అంతవరకే: కొలతలకీ విస్తీర్ణానికీ పొంతన లేదు. తప్పు విస్తీర్ణంలో ఉందా, కొలతల్లో ఉందా అన్నది ఇది చెప్పదు. విస్తీర్ణం తప్పయితే కొనేవారికి 22 గజాలు కలిసొచ్చినట్టే అనిపిస్తుంది. అలా అనుకుని బేరం ముగించేవాళ్లూ ఉంటారు.

ఇప్పుడు 1996 నాటి లింకు డాక్యుమెంటు వచ్చిందనుకోండి. అందులో విస్తీర్ణం అదే 200 గజాలు. కానీ తూర్పు పడమరలు 36 అడుగులు. 36ని 50తో గుణిస్తే 1,800 చదరపు అడుగులు, సరిగ్గా 200 గజాలు. పడమర హద్దు 24 అడుగుల రోడ్డు. స్థలం పెరిగింది నాలుగు అడుగులు, రోడ్డు తగ్గిందీ నాలుగు అడుగులే. మధ్యలో ఎవరో ప్రహరీ ముందుకు జరిపి ఉంటారు. 2012లో విస్తీర్ణాన్ని పాతదాంట్లోంచి ఎత్తి రాసి, కొలతలు మాత్రం నేల మీద టేపు పట్టి వేసి ఉంటారు. టేపుతో మరోసారి కొలిస్తే సంగతి తేలుతుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టకపోతే ఈ అనుమానమే రాదు.

కాబట్టి రెండోది అడగాలి. "పాత కాగితాలు కూడా పంపండి" అంటే వచ్చేది చాలాసార్లు ఇంటి పన్ను రసీదో, ఈసీనో, అదే దస్తావేజు ఇంకో జిరాక్సో. అమ్మేవారి దోషం కాదు, మనం అడిగిన తీరు అలాంటిది. ఏ కాగితమో గుర్తుపట్టేలా, ఎందుకో తెలిసేలా రాసి పంపడం మేలు:

"అండీ, మీ 2012 దస్తావేజు చూశాం. అందులో మీకు అమ్మినవారి హక్కుకు ఆధారంగా 1996 నాటి విక్రయ దస్తావేజును చూపారు. దాని నంబరు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పేరు మీ దస్తావేజు రెండో పేజీలో ఉన్నాయి. దాని అన్ని పేజీలూ, వెనకవైపు ముద్రలతో సహా, ప్లాను ఉంటే అదీ పంపగలరు. కొలతలు, పడమర హద్దు సరిచూడాలి. అది వచ్చాకే అడ్వాన్సు మాట మాట్లాడుకుందాం."

వెనకవైపు ముద్రలు ఎందుకంటే, దస్తావేజు నిజంగా రిజిస్టరయిందని చెప్పేది ఆ నంబరూ పుస్తకం వివరాలే. ఒరిజినల్ బ్యాంకులో ఉందంటే జిరాక్సుతో పాటు బ్యాంకు రాసిచ్చిన కాగితం కూడా అడగాలి.

అమ్మేవారి దగ్గర లేకపోయినా దారి ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకంలోని కాపీని రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. ఆఫీసు పేరు, నంబరు, సంవత్సరం ఉంటే చాలు. ఒక జాగ్రత్త: కంప్యూటర్లు రాకముందు దస్తావేజుల్ని ఆఫీసు పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవారు. అప్పటి సర్టిఫైడ్ కాపీలో అంకె తేడాగా కనిపిస్తే, ఒరిజినల్ చూడకుండా తప్పు ఎవరిదో తేల్చకూడదు.

అన్నీ ఇలా దొరకవు. లింకు కాగితం రిజిస్టరు కాని సాదా బైనామా అయితే ఆఫీసులో కాపీ ఉండదు. మామూలు జీపీఏ నాలుగో పుస్తకంలోకి వెళ్తుంది. దాని కాపీని రాసిచ్చినవారికీ, దాని కింద హక్కు ఉన్నవారికీ, వారి తరఫువారికీ తప్ప బయటివారికి ఇవ్వరు. ఆ సందర్భాల్లో అమ్మేవారే తెచ్చివ్వాలి. తెచ్చేదాకా లాయరు ఇచ్చే అభిప్రాయంలో "2012 దస్తావేజు ఒక్కటే చూశాను, లింకు డాక్యుమెంటు చూడలేదు" అన్న వాక్యం మొదటి పేజీలోనే ఉండేలా చూసుకోండి.