ఒకే నెంబరుతో రెండు ట్యూబులు

ల్యాబ్ టెక్నీషియన్ రెండు రక్తం ట్యూబులు పట్టుకుని సర్వర్ గదికి వచ్చింది. "సార్, ఇవోసారి చూడండి. ఇది ఇందాక ఓపీలో నేనే తీశాను. ఇదేమో పాత బ్లాకు వార్డు నుంచి ఆయా తెచ్చింది. రెండింటి మీదా 90417 అనే ఉంది." పేషెంట్లు వేరు, వార్డులు వేరు, స్టిక్కరు మీద నెంబరు మాత్రం ఒకటే. ఆ నెంబర్లు ఇచ్చేది ఆస్పత్రి మొత్తానికీ ఉన్న ఒక్క డేటాబేసు. అది ఒక నెంబరును రెండుసార్లు ఇవ్వదు. ఇచ్చిందంటే, మాకు తెలియకుండా డేటాబేసులు రెండైపోయాయన్నమాట.

అప్పటికి టైము 12 కావస్తోంది. 11:20కి రెండు బ్లాకుల మధ్య పైపు కోసం తవ్వుతున్న జేసీబీ ఫైబర్ కేబుల్‌ను తెంపేసింది. కేబుల్ తెగిన సంగతి నాకు తెలుసు, అతికేవాళ్లు వచ్చి పని చేస్తున్నారు కూడా. కానీ ఏ కౌంటరు నుంచీ కంప్లయింటు రాలేదు. రెండు బ్లాకుల్లోనూ బిల్లులు ఎప్పటిలాగే వస్తున్నాయి. ఎవరి పనీ ఆగకపోవడం చూసి నేను నిశ్చింతగా ఉండిపోయాను. నిజానికి ఒక బ్లాకులో పని ఆగిపోయి ఉండాల్సింది.

ఆ ఆస్పత్రిలో సర్వర్లు రెండు. ఒకటి పాత బ్లాకులో, రెండోది కొత్త బ్లాకులో. ఒకే పద్దు పుస్తకం దగ్గర ఇద్దరు గుమాస్తాలను కూర్చోబెట్టినట్టు, ఒక సర్వరు రాస్తుంటే రెండోది ప్రతి అక్షరాన్నీ అప్పటికప్పుడే తన డిస్కులోకి ఎక్కించుకుంటుంది. ఆ నకలు పని చేసేది డీఆర్‌బీడీ అనే లినక్స్ సాఫ్ట్‌వేర్. మేం వాడిన పద్ధతిలో రెండు డిస్కుల్లోనూ పడ్డాకే "రాశాను" అని జవాబిస్తుంది. రాసే సర్వరు పడిపోతే రెండోది ఆ పని అందుకోవాలి. ఎవరు బతికున్నారో ఒకరినొకరు పలకరించుకుంటూ కనిపెట్టేది కోరోసింక్, పని అప్పగించేది పేస్‌మేకర్. ఈ ఏర్పాటునే క్లస్టర్ అంటారు.

కేబుల్ తెగిన క్షణం నుంచి రెండు సర్వర్లకూ ఒకే విషయం కనిపించింది: అవతలి నుంచి పలుకు లేదు. అవతలి సర్వరు చచ్చిపోయినా పలుకు రాదు, మధ్య దారి తెగినా పలుకు రాదు. లోపల కూర్చున్న సర్వరుకు ఈ రెండింటికీ తేడా తెలిసే మార్గం లేదు. మూడు సర్వర్లుంటే ఇద్దరు ఒకవైపు మిగులుతారు, మెజారిటీ వాళ్లదే, ఒంటరిగా పడ్డవాడు పని ఆపేస్తాడు. ఇద్దరే ఉంటే ఎవరి ఓటు వాళ్లదే, ఒకటికి ఒకటి. అందుకే రెండు సర్వర్ల క్లస్టర్‌కు కోరోసింక్‌లో `two_node: 1` అని రాస్తారు, ఒక్క ఓటున్నా పని సాగించవచ్చని దాని అర్థం. అయితే ఆ వెసులుబాటుకు ఒక షరతుంది. పని అందుకునే ముందు అవతలి సర్వరును కరెంటు తీసేసి మరీ ఆపాలి. దీన్నే ఫెన్సింగ్ అంటారు, ఈ రంగంలో ముద్దుపేరు స్టోనిత్. ఎదుటి సర్వరు నెత్తిన కాల్చు అని ఆ పేరుకు విస్తరణ. పేరు మోటుగా ఉన్నా, అవతలివాడు రాయడం లేదని రూఢి చేసుకోకుండా కలం పట్టకూడదన్న జాగ్రత్త అందులో ఉంది.

మా క్లస్టర్ సెట్టింగుల్లో `stonith-enabled=false` అని ఉంది. అది ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు. ఫెన్సింగ్ పరికరం చూపించకపోతే పేస్‌మేకర్ ఏ సర్వీసునూ మొదలుపెట్టదు. ఇన్‌స్టాల్ చేసిన రోజు త్వరగా నడిపించాలన్న తొందరలో ఆ లైను పెట్టారు, తర్వాత తీసేద్దామనుకుని మరిచిపోయారు. దాంతో ఆ ఉదయం కొత్త బ్లాకు సర్వరు అవతలి వైపు ఎవరూ లేరనుకుని డేటాబేసును తనూ తెరిచింది. పాత బ్లాకుది ఎప్పటిలాగే రాస్తూనే ఉంది. ఉమ్మడి ఐపీ అడ్రసు రెండు చోట్లా వెలిగింది. ఈ స్థితినే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు.

టెక్నీషియన్‌తో మాట్లాడుతుండగానే కేబుల్ అతికే కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, జాయింటు అయిపోయింది. ప్యాచ్ కార్డ్ పెట్టేయమంటారా?" వద్దన్నాను. నేను చెప్పేదాకా ముట్టుకోవద్దన్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే. దారి కలవగానే పేస్‌మేకర్ తనకు తోచినట్టు ఒకదాన్ని దించి ఇంకోదాన్ని ఎక్కిస్తుంది. డీఆర్‌బీడీ మామూలుగా అయితే తేడా పసిగట్టి తప్పుకుంటుంది కానీ, సెట్టింగుల్లో `after-sb-0pri` దగ్గర `discard-younger-primary` లాంటి మాట రాసి ఉంటే, ఒక వైపు డేటాను తనే కొట్టేసి రెండో వైపుది దాని మీద పరిచేస్తుంది. మా దగ్గర ఏం రాసి ఉందో ఆ క్షణంలో నాకు గుర్తులేదు.

ముందుగా రెండు బ్లాకుల్లోనూ కౌంటర్లకు కాగితం బిల్లు పుస్తకాలిచ్చి, కంప్యూటరులో ఎంట్రీలు ఆపించాం. టైము 12:05. తర్వాత రెండు సర్వర్లలోనూ డేటాబేసు మొత్తాన్ని డంప్ తీసి రెండు విడి హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించాం. అప్పుడు రెండు చోట్లా `pcs cluster stop` కొట్టి క్లస్టర్‌ను ఆపేశాం. డీఆర్‌బీడీ కింద ఉన్న వాల్యూములకు స్నాప్‌షాట్లు తీశాం. స్నాప్‌షాట్‌కు కేటాయించిన చోటు నిండిపోతే అది పనికిరాకుండా పోతుంది, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. బయటి డిస్కులో డంప్ ఉండి తీరాలి. ఏది ఉంచాలి, ఏది వదులుకోవాలి అన్న ఆలోచన ఈ నకళ్లు చేతికొచ్చాకే మొదలుపెట్టాను.

ఆలోచించక తప్పదు, ఎందుకంటే డీఆర్‌బీడీ రెండు వైపులను కలిపి కుట్టలేదు. దానికి బిల్లంటే ఏంటో, పేషెంటంటే ఎవరో తెలియదు. అది చూసేది డిస్కు ముక్కలను. విడిపోయినప్పటి నుంచి ఏయే ముక్కలు మారాయో ప్రతి వైపూ ఒక పట్టీ పెట్టుకుంటుంది. సరిచేసేటప్పుడు రెండు పట్టీల్లో ఉన్న ముక్కలన్నిటినీ, నిలబెట్టిన సర్వరు నుంచి తెచ్చి వదిలేసిన సర్వరు మీద రాసేస్తుంది. అంటే ఒక వైపు పోవాల్సిందే, పోయినవాటిని తర్వాత మనుషులే తిరిగి ఎక్కించాలి.

లెక్కకు చూస్తే పాత బ్లాకులోనే ఎక్కువ ఎంట్రీలు పడ్డాయి, ఫార్మసీ అక్కడే ఉంది కాబట్టి. అయినా నేను కొత్త బ్లాకు సర్వరునే నిలబెట్టాను. ఫార్మసీ బిల్లులకు కాగితం నకళ్లున్నాయి. కొత్త బ్లాకులో ల్యాబ్ మిషన్లు రిజల్టులను నేరుగా డేటాబేసులోకి పంపిస్తాయి, వాటికి కాగితం లేదు. ఎంట్రీల సంఖ్య కంటే, పోతే మళ్లీ తేలేనిది ఏ వైపుందో చూడాలని నా అభిప్రాయం.

అప్పుడు ప్యాచ్ కార్డ్ పెట్టమని చెప్పి, రెండు సర్వర్లలోనూ `drbdadm up r0` ఇచ్చాను. కెర్నెల్ లాగ్‌లో ఈ లైను పడింది:

```
Split-Brain detected but unresolved, dropping connection!
```

`drbdadm status` కొడితే `StandAlone` అని కనిపించింది. అంటే తనే ఏమీ తేల్చుకోకుండా మా మాట కోసం ఆగింది. వదిలేయాల్సిన సర్వరులో, అంటే పాత బ్లాకుదాంట్లో, ఈ మూడు కమాండ్లు:

```
drbdadm disconnect r0
drbdadm secondary r0
drbdadm connect --discard-my-data r0
```

మూడో లైను కొట్టేముందు `hostname` చూసుకుని, పక్కనున్న మనిషితో పైకి చదివించాను. ఇవే అక్షరాలు పొరపాటున రెండో సర్వరులో కొడితే ల్యాబ్ రిజల్టులు పోతాయి. నిలబెట్టిన సర్వరులో ఒక్క `drbdadm connect r0` చాలు. మారిన ముక్కలే ప్రయాణిస్తాయి కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. రెండు వైపులా `UpToDate` కనిపించాక క్లస్టర్‌ను లేపాం.

అసలు పని అక్కడి నుంచే మొదలైంది. పాత బ్లాకు డంప్‌లో 11:20 తర్వాత పడ్డ ఎంట్రీలను విడదీసి కొత్తగా ఎక్కించాలి. బిల్లులైతే తేలిక. నెంబర్లు ఢీకొంటాయి కాబట్టి కొత్త నెంబర్లిచ్చి, పాత నెంబరుకు ఏ కొత్త నెంబరో చూపించే పట్టిక ఒకటి పెట్టాం. రశీదు పట్టుకుని పేషెంటు వస్తే కౌంటరులో దాన్నే చూస్తారు. మందుల స్టాకు దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. ఒక ఇంజెక్షన్ కేబుల్ తెగేముందు 40 ఉంది. పాత బ్లాకు ఫార్మసీ 12 అమ్మింది, అక్కడ 28 కనిపిస్తోంది. కొత్త బ్లాకు కౌంటరు 9 అమ్మింది, అక్కడ 31. రెండింట్లో ఏదీ సరైనది కాదు, అలమరలో ఉన్నవి 19. కాబట్టి ఒక వైపు అంకెను ఇంకో వైపు అంటించకూడదు. పాత బ్లాకులో జరిగిన అమ్మకాలను ఒక్కొక్కటిగా కొత్త డేటాబేసులో మళ్లీ నమోదు చేయాలి, అప్పుడు 31లోంచి 12 పోయి 19 దానంతటదే వస్తుంది. ఆ రాత్రంతా మేం చేసింది అదే.

ట్యూబుల సంగతి మాత్రం కంప్యూటరుతో తేలలేదు. ఒకే నెంబరు పడ్డ జతలన్నీ టెక్నీషియన్ వెతికి పక్కన పెట్టింది. స్టిక్కరు మీదున్న పేరు స్పష్టంగా ఉన్నవాటికి కొత్త నెంబర్లు అంటించారు. రిజల్టు ఎవరిదో రూఢిగా చెప్పలేని వాటికి మళ్లీ రక్తం తీయాల్సి వచ్చింది. మళ్లీ ఎందుకు తీస్తున్నారని ఒక పెద్దాయన అడిగితే, తప్పు మాదేనని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

తెగి ఉన్న సమయం కంటే బాగుచేసే సమయం ఎన్నో రెట్లు ఎక్కువ కావడం మాకే జరిగింది కాదు. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌కు అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. వాళ్ల క్లస్టర్లు పెద్దవి, అయినా తూర్పున కొన్ని రాతలు, పడమరన కొన్ని రాతలు పడి విడిపోయాయి. బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టర్‌లో అలా మిగిలిపోయిన రాతలు 954 అని వాళ్లే వెల్లడించారు. సర్వీసు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. యూజర్ల డేటాను వదులుకోవడం కంటే ఆలస్యం మేలని వాళ్లు తీసుకున్న నిర్ణయం వల్లే అంతసేపు పట్టింది. సరైన నిర్ణయమే అంటాను.

తర్వాతి వారం ఫెన్సింగ్ పెట్టడానికి కూర్చుంటే ఇంకో చిక్కు బయటపడింది. అవతలి సర్వరు కరెంటు తీసే ఆదేశం కూడా ఆ ఫైబర్ మీదుగానే వెళ్లాలి. ఫైబర్ తెగితే ఆదేశం చేరదు, అవతలివాడు ఆగాడో లేదో తెలియక పేస్‌మేకర్ పని అందుకోకుండా ఉండిపోతుంది. డేటా చెడదు కానీ, రెండు బ్లాకుల మధ్య తెగిన ప్రతిసారీ మనిషి వచ్చి తేల్చాలి. అందుకని మూడో ఓటు పెట్టాం. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఒక చిన్న కంప్యూటరు పెట్టి, దాని మీద `corosync-qnetd` నడిపి, రెండు బ్లాకులకూ విడివిడి కేబుళ్లు లాగాం. అందులో డేటా ఏమీ ఉండదు, దాని పని ఓటేయడమే. ఇప్పుడు మూడు ఓట్లు కాబట్టి `two_node` లైను తీసేశాం. ఓటు దక్కని సర్వరు తనంతట తనే రీబూట్ అయ్యేలా `sbd` అనే కాపలా ప్రోగ్రాంను మదర్‌బోర్డులోని వాచ్‌డాగ్ టైమరుకు కట్టాం.

ఒక ఆదివారం తెల్లవారుజామున ఆ ఫైబర్ ప్యాచ్ కార్డ్‌ను మేమే లాగేశాం. కొన్ని సెకన్లు గడిచాక పాత బ్లాకు సర్వరు స్క్రీను నల్లబడి, రీబూట్ మొదలైంది. ఫోన్లో లైన్లో ఉన్న ఫార్మసీ కుర్రాడు, "సార్, బిల్లు రావట్లేదు, ఎర్రర్ చూపిస్తోంది" అన్నాడు. మాకు కావాల్సింది అదే.