బంతి నీడకు రెండు అంచులు

ట్యూబ్‌లైటు కింద టేబుల్‌కు ఆనించిన పెన్సిల్ నీడ గీత గీసినట్టు ఉంటుంది. పెన్సిల్‌ను జానెడు పైకెత్తితే అదే నీడ చెదిరిపోతుంది. పెన్సిల్ మారలేదు, దీపమూ మారలేదు. మారింది దూరం.

దీపం చుక్కంత ఉంటే నీడకు ఒకే అంచు ఉండేది. నిజం దీపానికి వెడల్పు ఉంటుంది కాబట్టి గోడ మీద కొన్ని చోట్లకు దాని వెలుగు అసలే చేరదు. ఆ చిక్కటి భాగం ప్రచ్ఛాయ. దాని చుట్టూ దీపంలో కొంత భాగం వెలుగు మాత్రమే పడే పట్టీ ఉపచ్ఛాయ.

లెక్క చూద్దాం. అట్టలో 2 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం చేసి, దానికి బటర్ పేపరు అంటించి, వెనక బల్బు పెడితే అదే మన దీపం. దానికి 100 సెం.మీ. దూరంలో 4 సెం.మీ. వ్యాసం ఉన్న టేబుల్ టెన్నిస్ బంతి, బంతికి 50 సెం.మీ. అవతల గోడ. దీపం చుక్క అయితే నీడ 4 × 150 ÷ 100, అంటే 6 సెం.మీ. ఉండేది. ఇప్పుడు పట్టీ సంగతి. దీపం పైఅంచు నుంచి, కిందిఅంచు నుంచి వచ్చే కిరణాలు రెండూ బంతి ఒకే అంచును రాసుకుంటూ అక్కడ కత్తెరలా దాటి, అవతల విడిపోతాయి. గోడ దగ్గర వాటి ఎడం 2 × 50 ÷ 100, అంటే 1 సెం.మీ. అదే ఉపచ్ఛాయ వెడల్పు. ఈ లెక్కలో బంతి పరిమాణం ఎక్కడా లేదని గమనించాలి. నీడ అంచు ఎంత మసకబారాలో తేల్చేది దీపమూ, దూరాల నిష్పత్తే.

ఆ పట్టీలో సగం 6 సెం.మీ. గీతకు లోపల, సగం బయట పడుతుంది. కాబట్టి ప్రచ్ఛాయ వ్యాసం 5, మొత్తం నీడ 7 సెం.మీ.

రంధ్రాన్ని 6 సెం.మీ. చేస్తే పట్టీ 3 సెం.మీ. అవుతుంది. ప్రచ్ఛాయ 3కు కుంచించుకుపోతుంది, మొత్తం నీడ 9కి పెరుగుతుంది. దీపం బంతికన్నా పెద్దది కనుక గోడను వెనక్కి జరిపే కొద్దీ ప్రచ్ఛాయ చిన్నదై, బంతికి 200 సెం.మీ. అవతల మాయమవుతుంది.

స్కేలు పెట్టి కొలిస్తే మాత్రం 9 రాదు, తక్కువే వస్తుంది. బయటి అంచు దగ్గర దీపం దాదాపు మొత్తం కనిపిస్తుంది కాబట్టి అక్కడి మసకను కన్ను పట్టుకోలేదు. గోడకు బదులు పలచని అట్ట నిలిపి, అనుమానం ఉన్న చోట సూదితో బెజ్జం పెట్టి వెనకనుంచి దీపాన్ని చూస్తే తేలిపోతుంది. బంతి దీపాన్ని కొంచెం కొరికినట్టు కనిపిస్తే అది ఉపచ్ఛాయే. సూర్యుణ్ణి మాత్రం ఇలా చూడకూడదు.

చంద్రుడి ప్రచ్ఛాయ కూడా ఇలాగే సన్నబడుతూ సుమారు 3.74 లక్షల కిలోమీటర్ల దగ్గర ముగుస్తుంది. చంద్రుడేమో మనకు దాదాపు 3.6 నుంచి 4.05 లక్షల కిలోమీటర్ల మధ్య తిరుగుతుంటాడు. 1980 ఫిబ్రవరి 16న ఆ మొన భూమికి అందింది, నల్లగొండ ప్రాంతంలో సంపూర్ణ గ్రహణం కనిపించింది. 2019 డిసెంబరు 26న అందలేదు, కేరళ, తమిళనాడుల్లో ఉంగరంలాంటి సూర్యుడు కనిపించాడు.